కౌంటర్‌కి మనిషి కావలెను

'పనివారు కావలెను, జీతం మాట్లాడుకొనబడును' అని అట్టముక్క రాసి షట్టర్‌కి కడితే ఫోన్లు బోలెడు వస్తాయి. వాటిలో సగం 'జీతమెంత?' అని అడిగి పెట్టేసేవే. ఆ అంకె ముందే రాస్తే ఇద్దరికీ ఆ శ్రమ తప్పుతుంది.

తెనాలిలో ఓ చిన్న మిఠాయి కొట్టు ఉందనుకుందాం. దాని ప్రకటన ఇలా ఉండొచ్చు: 'కౌంటర్‌లో తూకం, బిల్లు, ఫోన్‌పే చూసుకునేవారు కావాలి. ఉదయం 10 నుంచి రాత్రి 8. మధ్యలో 2 గంటలు విరామం. మంగళవారం సెలవు. జీతం నెలకు 14,000. పండగల్లో అదనపు గంటలకు అదనపు డబ్బు. అనుభవం లేకున్నా నేర్పుతాం. సాయంత్రం 3 నుంచి 5 లోపు కొట్టుకి రండి.'

ఇందులో అసలు పని చేసేది వేళలే. రాత్రి 8కి వదులుతారని తెలిస్తే పక్క పేటవాళ్లు వస్తారు. ఆఖరి బస్సు అందని దూరపువాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోతారు. 'డిగ్రీ తప్పనిసరి' అని రాస్తే మాత్రం, లెక్క చకచకా చేసే ఇంటర్ కుర్రాడు గడప తొక్కడు. వచ్చినవాళ్లతో 350 గ్రాముల మైసూర్‌పాక్ తూచి, 500 నోటుకి చిల్లర ఇప్పించి చూస్తే చాలు.