డెబ్భై, ఇరవై ఒకటి, పదిహేను

కొన్ని వస్తువులున్నాయి, ఎన్నో తెలియదు. మూడేసి చొప్పున తీస్తే చివర రెండు మిగులుతాయి. ఐదేసి తీస్తే మూడు, ఏడేసి తీస్తే మళ్లీ రెండు. మొత్తం ఎన్ని?

చైనాలో క్రీ.శ. 3, 5 శతాబ్దాల మధ్య వెలువడిందని భావించే ‘సున్‌ జి సువాన్‌ జింగ్’ అనే గణిత గ్రంథంలోని లెక్క ఇది. యుద్ధకళ గురించి రాసిన సున్‌ జి వేరు, ఈయన వేరు. జవాబు 23. చింతపిక్కలు ముందేసుకుని కుప్పలు పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. నన్ను కట్టిపడేసింది జవాబు కాదు, ఆయన దాన్ని రాబట్టిన తీరు. మూడుతో మిగిలినదాన్ని 70తో, ఐదుతో మిగిలినదాన్ని 21తో, ఏడుతో మిగిలినదాన్ని 15తో హెచ్చవేసి కూడమన్నాడు. 140, 63, 30 కలిపితే 233. అందులోంచి 105 చొప్పున తీసేయగలిగినన్ని సార్లు తీసేస్తే 23.

ఈ 70 ఎక్కడిది? ఐదుతోనూ ఏడుతోనూ నిశ్శేషంగా పోవాలి, మూడుతో భాగిస్తే మాత్రం 1 మిగలాలి. అలాంటి సంఖ్య కావాలి. ఐదేళ్లు 35. దాన్ని మూడుతో భాగిస్తే 2 మిగులుతుంది, మనకు పనికిరాదు. రెట్టింపు చేస్తే 70, ఇప్పుడు మిగిలేది 1. దీన్ని రెండుతో హెచ్చవేస్తే మూడుతో శేషం సరిగ్గా 2 అవుతుంది, ఐదు, ఏడుల శేషాలు మాత్రం కదలవు. 21, 15 కూడా ఇలాగే తమ తమ భాజకాల దగ్గర 1 మిగిల్చి, మిగతా రెండింటి జోలికి పోవు. అందుకే మూడు షరతులనూ విడివిడిగా తీర్చి, చివర కలిపేయవచ్చు.

ఇక్కడ రెట్టింపు చేస్తే సరిపోయింది. భాజకాలు పెద్దవైతే ఎన్ని రెట్లు చేయాలో ఊహకు అందదు. వరుస భాగహారాలతో ఆ గుణకాన్ని పట్టుకునే ‘కుట్టకం’ ఆర్యభటుడి ఆర్యభటీయంలో (499) ఉంది. చైనాలో 1247లో చిన్‌ జియుషావ్ సాధారణ పద్ధతిని వివరంగా రాశాడు.

105 అంటే 3, 5, 7ల లబ్ధం. దాన్ని ఎన్నిసార్లు కలిపినా, తీసేసినా మూడు శేషాలూ మారవు. కాబట్టి 128, 233 కూడా సరైన జవాబులే. కుప్పలో 23 పిక్కలున్నాయో 128 ఉన్నాయో శేషాలు చెప్పలేవు, కంటితో అంచనా వేసుకోవలసిందే.

భాజకాల్లో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతేనే ఈ పద్ధతి తప్పకుండా పనిచేస్తుంది. నాలుగుతో భాగిస్తే 1, ఆరుతో భాగిస్తే 2 మిగలాలని ఎవరైనా అడిగితే వెతకడం మానేయండి. మొదటి షరతు బేసి సంఖ్య కావాలంటుంది, రెండోది సరిసంఖ్య. అదే ఆరుతో 3 మిగలాలంటే 9 సరిపోతుంది, కానీ తర్వాతి జవాబు 24 దూరంలో కాక 12 దూరంలోనే, 21 దగ్గరే వస్తుంది.