టామోక్సిఫెన్ వాడుతుంటే మళ్లీ బ్లీడింగ్ కనిపించిందా? గర్భసంచిని ఎందుకు పరీక్షిస్తారంటే...

సౌదీలోని అభాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరకు 58 ఏళ్ల తల్లి విజిట్ వీసా మీద వచ్చిందనుకుందాం. నాలుగేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి రోజూ 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. ముట్లు ఆగిపోయి ఏడేళ్లయింది. ఒకరోజు బట్టలకు కొద్దిగా రక్తపు మరక కనిపించింది. అభా రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున్న ఊరు కదా, కొండ ప్రయాణం పడలేదేమో అన్నారు ఇంట్లో. వేడి చేసిందన్నారు. రెండు నెలల్లో ఇండియా వెళ్తాం, అక్కడే చూపించుకుందాం అనుకున్నారు.

ఇక్కడే జాగ్రత్తపడాలి. ఈ మాత్ర వాడుతున్నవారికి ముట్లు పూర్తిగా ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, గోధుమరంగు మరక అయినా, కొద్ది రోజుల్లోనే గైనకాలజిస్టుకు చూపించాలి. తిరుగు ప్రయాణం దాకా ఆగకూడదు.

కారణం మందు పనిచేసే తీరులోనే ఉంది. రొమ్ము కణాల్లో టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది. గర్భసంచిలో మాత్రం కొంతవరకు ఈస్ట్రోజెన్ లాగే ప్రవర్తిస్తుంది. దాంతో లోపలి పొర పెరగవచ్చు, అక్కడ పాలిప్ అనే చిన్న కండ ఏర్పడవచ్చు, అరుదుగా క్యాన్సర్ రావచ్చు. 1998లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 50 దాటిన మహిళల సంగతి చూస్తే, ఈ మందు వాడినవారిలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి గర్భసంచి పొర క్యాన్సర్ కనిపించింది. వాడనివారిలో ఆ సంఖ్య ఒకటి కన్నా తక్కువ. అంటే ముప్పు పెరుగుతుంది కానీ ఎక్కువమందికి రాదు. వచ్చినా, బ్లీడింగ్ తొలిదశలోనే హెచ్చరిస్తుంది. అప్పుడే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది.

మన ఉదాహరణలోని తల్లికి డాక్టర్ ముందు లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ తీయించారు. పొర మందం 11 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా ముట్లు ఆగినవారికి బ్లీడింగ్ అయితే 4 మిల్లీమీటర్లు దాటితేనే ఇంకా పరీక్షించాలంటారు. కాబట్టి 11 అనగానే ఇంట్లో అందరూ భయపడ్డారు. కానీ టామోక్సిఫెన్ వాడేవారిలో పొర కింది కణజాలం ఉబ్బి, చిన్న నీటి తిత్తులు ఏర్పడి, స్కాన్‌లో పొర మందంగా కనిపించడం మామూలే. అందువల్ల మందం చూసి క్యాన్సర్ అని చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. బ్లీడింగ్ లేనివారికి ఏటా స్కాన్ చేయించమని సాధారణంగా సలహా ఇవ్వకపోవడానికీ ఇదే కారణం. పాప్ స్మియర్ బాగుందని ఊరుకోవడమూ కుదరదు. అది గర్భాశయ ముఖద్వారం కోసం చేసే పరీక్ష.

సంగతి తేల్చేది బయాప్సీ. సన్నని గొట్టంతో లోపలి పొర నుంచి కొంచెం ముక్క తీస్తారు. కొన్ని నిమిషాల పని, ముట్టు నొప్పిలాంటి నొప్పి ఉంటుంది. ఆమెకు తీసిన ముక్క సరిపోలేదని ల్యాబ్ చెప్పింది. ఈ మాట అంటే "క్యాన్సర్ లేదు" అని కాదు, ఇంకా తెలియలేదని అర్థం. పైగా గుడ్డిగా తీసే ముక్కకు పాలిప్ దొరక్కపోవచ్చు. అందుకే సన్నని కెమెరాతో లోపల చూసే హిస్టెరోస్కోపీ చేశారు. పాలిప్ కనిపిస్తే పూర్తిగా తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో మామూలు పాలిప్ అని తేలింది. క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడి మాత్ర కొనసాగించారు. మళ్లీ బ్లీడింగ్ అయితే మళ్లీ చూపించాలని చెప్పి పంపారు.

రిపోర్టులో అసాధారణ కణాలు వచ్చి ఉంటే దారి వేరు. అప్పుడు మందు మార్చడం, గర్భసంచి తీయడం గురించి ఇద్దరు డాక్టర్లూ కలిసి నిర్ణయిస్తారు. భయంతో మాత్రను మీ అంతట మీరు ఆపేయకండి. రొమ్ము క్యాన్సర్ తిరిగి రాకుండా కాపాడుతున్నది అదే.

ఇంకా ముట్లు వస్తున్న వయసువారిలో గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు స్పష్టంగా కనబడలేదు. ముట్లు క్రమం తప్పడం కూడా వారిలో సాధారణమే. అయినా నెలసరి మధ్యలో గానీ, మునుపటికంటే బాగా ఎక్కువగా గానీ రక్తం పోతుంటే చూపించాలి. గర్భం కాదని కూడా నిర్ధారించుకోవాలి. ఈ మందు వాడుతుండగా గర్భం రావచ్చు, మందు బిడ్డకు మంచిది కాదు.

పరాయి దేశంలో డాక్టర్‌కు మొదట చెప్పాల్సిన మాట "టామోక్సిఫెన్ వాడుతున్నాను" అన్నదే. సిగ్గుపడి ఆ ముక్క చెప్పకపోతే మామూలు బ్లీడింగ్ అనుకునే అవకాశం ఉంది. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన నెల, చివరి ముట్టు ఎప్పుడు, బ్లీడింగ్ ఏ తేదీన ఎంత అయింది, ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసుకోండి. హైదరాబాద్ రిపోర్టుల ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. విజిట్ వీసా బీమా ఏ ఖర్చులు భరిస్తుందో ముందే చూసుకోండి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోతున్నా, కళ్లు తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.