ముద్ర ఉన్న దరఖాస్తులు, లేనివి

కంపెనీ షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు జనం తగినన్ని కొనకపోతే? సెబీ నిబంధనల ప్రకారం పబ్లిక్ ఇష్యూలో కనీసం 90 శాతానికి చందా రావాలి. లేకపోతే డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. ఆ భయం లేకుండా, మిగిలిన షేర్లు తామే కొంటామని పూచీ పడేవాళ్లే అండర్‌రైటర్లు.

ఒక కంపెనీ 100 రూపాయల షేర్లు లక్ష జారీ చేసిందనుకుందాం. కృష్ణా అనే సంస్థ 50,000 షేర్లకు, గోదావరి 30,000కు, పెన్నా 20,000కు పూచీ పడ్డాయి. ఇది కాక, ఇష్యూ ఎలా నడిచినా కొని తీరతామని కృష్ణా 5,000, గోదావరి 3,700, పెన్నా 1,300 షేర్లకు మాట ఇచ్చాయి. దీన్ని ఫర్మ్ అండర్‌రైటింగ్ అంటారు.

జనం నుంచి 80,000 షేర్లకు దరఖాస్తులొచ్చాయి. అండర్‌రైటర్ ముద్ర ఉన్నవి మార్క్‌డ్ దరఖాస్తులు. అవి ఎవరి ముద్రతో వస్తే వారి ఖాతాకే. కృష్ణా ముద్రతో 25,000, గోదావరి ముద్రతో 21,000, పెన్నా ముద్రతో 14,000 షేర్లకు వచ్చాయి. ఏ ముద్రా లేకుండా నేరుగా కంపెనీకి చేరిన 20,000 షేర్లను పూచీల నిష్పత్తిలో, అంటే 5:3:2గా పంచారు. ఇవన్నీ తీసేస్తే కృష్ణాకు 15,000, గోదావరికి 3,000, పెన్నాకు 2,000 మిగిలాయి.

అసలు పేచీ ఇక్కడే. ఫర్మ్ షేర్లను ఎవరివి వారికే తగ్గిస్తే గోదావరికి 700 ఎక్కువవుతాయి. వాటిని కృష్ణా, పెన్నాలకు 5:2గా సర్దితే కృష్ణాపై 9,500, పెన్నాపై 500 పడతాయి. గోదావరికి బాధ్యతే ఉండదు. అలా కాక ఆ 10,000 ఫర్మ్ షేర్లను ముద్ర లేని దరఖాస్తుల్లో కలిపి ముగ్గురికీ పంచితే, కృష్ణాపై 10,000 పడి, మిగతా ఇద్దరూ పూర్తిగా బయటపడతారు. దరఖాస్తులు అవే, పూచీలు అవే. అయినా పెన్నా నుంచి కృష్ణా మీదికి 500 షేర్ల భారం, అంటే 50,000 రూపాయలు, మారింది. ఏ పద్ధతిలోనైనా ఫర్మ్ షేర్లు అదనంగా కొనాల్సిందే కనుక, మొదటి లెక్కలో కృష్ణా మొత్తం 14,500, రెండో లెక్కలో 15,000 షేర్లు తీసుకుంటుంది.

కమీషన్ మాత్రం ఈ పేచీతో మారదు. చివరికి ఎన్ని షేర్లు మీద పడ్డాయన్నది కాదు, ఎన్నింటికి పూచీ పడ్డారన్నదే దానికి ఆధారం. భారం మోసినందుకు కాక, మోస్తానని ముందే ఒప్పుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం కాబట్టి నాకిది న్యాయంగానే తోస్తుంది. 4 శాతం చొప్పున కృష్ణాకు 2,00,000, గోదావరికి 1,20,000, పెన్నాకు 80,000 రూపాయలు వస్తాయి. 2014 నాటి కంపెనీల నిబంధనల ప్రకారం షేర్ల మీద కమీషన్ జారీ ధరలో 5 శాతాన్ని గానీ, కంపెనీ నియమావళి అనుమతించిన రేటును గానీ, రెండింటిలో తక్కువదాన్ని మించకూడదు.

పూచీ పత్రం మీద సంతకం చేసేవారు కమీషన్ రేటు ఒక్కటే చూసుకుంటే చాలదు. ఫర్మ్ షేర్లను ఎవరి ఖాతాలో వేస్తారన్న వాక్యం అందులో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ముందే రాయించుకోవాలి.