మెట్ల నడుము కొలిచాం

మా క్వార్టర్స్‌లో డాబా మీదికి కొత్తగా మెట్లు కడుతున్నారు. సెంట్రింగ్ కొట్టడం, ఇనుప చువ్వలు కట్టడం అయిపోయాయి. మేస్త్రి గారిది శ్రీకాకుళం. మేం ముగ్గురం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆయన మమ్మల్ని పిలిచారు. "పదో తరగతి కదా! రేపు ఈ వరసకు మాలు వేస్తాం. కాంక్రీటు ఎంత పడుతుందో లెక్క కట్టండి చూద్దాం" అన్నారు.

టేపు తీసుకుని కొలిచాం. ఒక్కో మెట్టు ఎత్తు 16 సెం.మీ. దీన్ని రైజర్ అంటారు. కాలు పెట్టే చోటు, అంటే ట్రెడ్, 30 సెం.మీ. మెట్ల వరస వెడల్పు 1.2 మీటర్లు. మెట్ల కింద ఏటవాలుగా ఉండే పలకను వేస్ట్ స్లాబ్ అంటారు. ఇక్కడ వేస్ట్ అంటే వృథా కాదు, నడుము! మెట్ల బరువు మోసేది అదే. దాని మందం 15 సెం.మీ.

సాయంత్రానికి ముగ్గురికీ మూడు జవాబులు వచ్చాయి. ఒకరికి 0.75, ఒకరికి 0.81, ఇంకొకరికి 0.88 ఘనపు మీటర్లు. తప్పు ఎక్కడుందో వెతకడానికి మళ్లీ మొదటి నుంచి చేశాం.

ముందు మెట్లు. పక్క నుంచి చూస్తే ప్రతి మెట్టూ ఒక లంబకోణ త్రిభుజం. దాని వైశాల్యం ½ × 0.16 × 0.30 = 0.024 చదరపు మీటర్లు. వెడల్పు 1.2తో గుణిస్తే ఒక మెట్టుకు 0.0288 ఘనపు మీటర్లు. రైజర్లు 10 ఉన్నాయి, కానీ ట్రెడ్లు 9 మాత్రమే. పదో రైజర్ ఎక్కితే మన కాలు ల్యాండింగ్ మీద పడుతుంది కాబట్టి అక్కడ వేరే ట్రెడ్ లేదు. అందుకే త్రిభుజాలు 9. మొత్తం 0.259. ఇక్కడిదాకా ముగ్గురికీ ఒకటే జవాబు.

తేడా అంతా నడుము దగ్గరే వచ్చింది. ఒక్కో మెట్టు కింద ఏటవాలు పొడవు ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 16² + 30² = 1156, అంటే 34². కాబట్టి 34 సెం.మీ. తొమ్మిది మెట్లకు 3.06 మీటర్లు. నడుము ఘనపరిమాణం 3.06 × 0.15 × 1.2 = 0.551. మెట్లతో కలిపితే 0.81 ఘనపు మీటర్లు.

0.75 వచ్చినవారు ఏటవాలు పొడవుకు బదులు నేల మీద కొలిచిన పొడవు, 9 × 0.30 = 2.7 మీటర్లు, తీసుకున్నారు. 0.88 వచ్చినవారు పొడవు సరిగానే తీసుకున్నారు కానీ మందాన్ని పలకకు లంబంగా కాకుండా నిట్టనిలువుగా కొలిచారు. అలా కొలిస్తే టేపు 17 సెం.మీ. చూపిస్తుంది.

అప్పుడు మాకు ఒక విషయం తెలిసింది. నిలువు మందాన్ని నేల మీది పొడవుతో గుణిస్తే 0.17 × 2.7 = 0.459. లంబ మందాన్ని ఏటవాలు పొడవుతో గుణిస్తే 0.15 × 3.06 = 0.459. రెండూ ఒకటే! ఒకే సమాంతర చతుర్భుజాన్ని రెండు భూముల నుంచి కొలిచినట్టు అన్నమాట. ఏ పద్ధతైనా సరే కానీ జత మార్చకూడదు. మీ లెక్క సరిచూసుకోవడానికి రెండు రకాలుగానూ చేసి చూడండి. జవాబులు కలవకపోతే ఎక్కడో జత మారినట్టే.

0.06 తేడా అంటే ఎంతని అడిగాం. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, 3 పాళ్లు కంకర చొప్పున కలిపితే 0.81కి సుమారు ఆరున్నర బస్తాల సిమెంటు కావాలి. 0.75కి ఆరు చాలు. "అరబస్తానే కదా" అన్నాం మేము.

మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. "మాలు కింది మెట్టు నుంచి పైకి వేసుకుంటూ పోతాం బాబూ. ఆ అరబస్తా తగ్గితే పై మెట్ల దగ్గర ఆగిపోతాం. సిమెంటు కొనుక్కొచ్చేలోపు కింద వేసింది గట్టిపడుతుంది. ఆపైన వేసింది దానితో కలవదు. అతుకు దగ్గర నీరు దిగి చువ్వ తుప్పు పడుతుంది." ఆ అతుకునే కోల్డ్ జాయింట్ అంటారట.

మా 0.81 మెట్లకూ వాటి కింది నడుముకూ మాత్రమే. ల్యాండింగ్‌కూ, అడుగున పునాదికీ లెక్క వేరుగా కట్టాలి. చువ్వలు ఆక్రమించే చోటును తీసివేయరు. ఒలికిపోయేదానికి కొంచెం కలుపుకుంటారు. మర్నాడు ఉదయం ఈ వరసకని మేస్త్రి గారు పక్కన పెట్టించినవి ఏడు బస్తాలు.