మెడికల్‌లో బీపీ ఎక్కువొస్తే

ఉద్యోగంలో చేరే ముందు చేసే వైద్య పరీక్షలో పాతికేళ్ల యువకుడికి బీపీ 156/98 వచ్చిందంటే, అది ఆ పూటకు పెరిగినదైనా కావచ్చు, ఎన్నాళ్లనుంచో ఉండి ఇప్పుడు బయటపడినదైనా కావచ్చు. ఒక్క రీడింగు చూసి ఏదో ఒకటని తేల్చలేం. తర్వాత చేసే పనంతా దాన్ని తేల్చుకోవడానికే. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, భరించలేని తలనొప్పి లాంటివి ఉంటే మాత్రం ఆగకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ముందుగా చూడాల్సింది కొలిచిన తీరు. అభ్యర్థి కర్నూలు నుంచి రాత్రి బస్సులో నిద్ర లేకుండా హైదరాబాద్ వచ్చాడనుకుందాం. దిగగానే కాఫీ తాగాడు. మూత్రం శాంపిల్ ఇవ్వాలి కదా అని వరుసలో గంటసేపు బిగబట్టుకుని నిలబడ్డాడు. జిమ్‌కు వెళ్లి పెంచిన అతని జబ్బకు నర్సు మామూలు సైజు పట్టీయే చుట్టింది. వీటిలో ప్రతిదీ బీపీని పెంచి చూపించేదే. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ రావడం చాలా మామూలు, అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అందుకే మళ్లీ సరిగ్గా కొలవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. ఒకటి రెండు నిమిషాల ఎడంతో రెండు మూడుసార్లు చూడాలి.

అప్పుడూ 140/90 కి తగ్గకపోతే కొలత ఇంటికి మారుతుంది. మణికట్టుకు పెట్టే మిషన్ కన్నా జబ్బకు చుట్టేదే నమ్మదగింది. వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాసుకోవాలి. నచ్చని అంకె వచ్చిందని కొట్టేసి మళ్లీ చూసుకుంటే ఆ కాగితానికి విలువ ఉండదు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంటి కొలతలో గీత 135/85 దగ్గర ఉంటుంది. సగటు అంతకు తగ్గితే, ఉదాహరణకు 124/78 వస్తే, డాక్టరు ముందు మాత్రమే పెరిగే బీపీ అన్నమాట. దాన్ని ‘వైట్ కోట్’ బీపీ అంటారు. దానికి సాధారణంగా మందులు అక్కర్లేదు. కానీ కొందరిలో అది కాలక్రమేణా అసలు బీపీగా మారుతుంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి. సందేహం మిగిలితే 24 గంటలూ చేతికే ఉండి మధ్యమధ్యలో కొలిచే మిషన్ పెడతారు.

ఇంట్లోనూ సగటు 143/92 వచ్చిందంటే బీపీ నిజమే. అరవయ్యేళ్ల మనిషికైతే సాధారణ పరీక్షలు చేసి మందు మొదలుపెట్టడం మామూలే. పాతికేళ్లకు వస్తే ఎందుకొచ్చిందన్న ప్రశ్న బలంగా అడగాలి. ముందు వాడుతున్నవేమిటో చూస్తారు: నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు, ఎనర్జీ డ్రింకులు, జిమ్‌లో ఇచ్చే ఇంజెక్షన్లు. దగ్గుకని రోజూ నమిలే అతిమధురం కూడా బీపీ పెంచగలదు. గట్టిగా గురక పెట్టి, పగలు కునుకు తీసేవారికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడాలి. డాక్టరు మణికట్టు నాడితోపాటు గజ్జల్లోని నాడినీ కలిపి పట్టి చూస్తారు. గజ్జల్లో నాడి బలహీనంగానో ఆలస్యంగానో అందితే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే సన్నబడి ఉండవచ్చు. ఖర్చులేని ఈ పరీక్షను హడావుడిలో చాలాసార్లు వదిలేస్తుంటారు.

తర్వాత మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, షుగర్, కొలెస్ట్రాల్, ఒక ఈసీజీ చేస్తారు. మన అభ్యర్థికి మూత్రంలో ప్రొటీన్ కనిపించిందనుకుందాం. అప్పుడు అనుమానం కిడ్నీల మీదికి మళ్లుతుంది. మళ్లీ పరీక్షించి, స్కాన్ చేసి, కిడ్నీ డాక్టరుకు పంపుతారు. పొటాషియం తక్కువుంటే కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథి హార్మోన్‌ను చూడాలి. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. అప్పుడు ఉప్పు, బరువు, మద్యం తగ్గించడం, అవసరమైతే మందులు మొదలుపెట్టడం.

ఉద్యోగం పోతుందన్న భయంతో రెండో పరీక్షకు ముందు నాన్న వేసుకునే బీపీ మాత్ర మింగి వెళ్లేవాళ్లుంటారు. ఆ పూటకు అంకె తగ్గవచ్చేమో గానీ, కొన్ని రకాల మాత్రలు హార్మోన్ పరీక్షలను తారుమారు చేస్తాయి. అసలు కారణం మరుగున పడిపోతుంది. దానికి బదులు కంపెనీ డాక్టరును గడువు అడిగి, ఇంటి రీడింగుల కాగితం, పరీక్షల రిపోర్టులు, చూసిన డాక్టరు ఇచ్చిన ఉత్తరం పట్టుకెళ్లాలి. ఉత్తరంలో సగటు ఎంత, కారణం తేలిందా, మందులేమిటి, ఆ ఉద్యోగంలోని పని చేయగలడా అన్నవి స్పష్టంగా ఉండాలి. కూర్చుని చేసే పనికీ, బస్సు నడపడానికీ, ఎత్తున ఎక్కి చేసే పనికీ ఫిట్‌నెస్ లెక్క ఒకటి కాదు. కాబట్టి పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి.