నాలుగు వరుసల పట్టికలో దాగిన ఎనిమిది వరుసలు

1918లో ఎకిల్స్, జోర్డాన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు రెండు వాక్యూమ్ ట్యూబులతో ఒక్క బిట్‌ను గుర్తుంచుకునే సర్క్యూట్ తయారుచేశారు. నేటి ఫ్లిప్‌ఫ్లాప్‌లకు మూలం అదే.

JK ఫ్లిప్‌ఫ్లాప్ పట్టికలో నాలుగే వరుసలుంటాయి. 00 అయితే పాత విలువ నిలుస్తుంది, 01 అయితే 0, 10 అయితే 1, 11 అయితే విలువ తారుమారు. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. ఇప్పటి విలువ Q కూడా ఒక ఇన్‌పుటే! దాన్ని కలిపితే వరుసలు ఎనిమిదవుతాయి. J, K, Q వరుసలో 001, 100, 101, 110 దగ్గర మాత్రమే తర్వాతి విలువ 1. వీటిలో 100, 110లను జతచేస్తే K తొలగి JQ' మిగులుతుంది. 001, 101లను జతచేస్తే J తొలగి K'Q వస్తుంది.

```
Q+ = JQ' + K'Q
```

J, K రెండింటికీ T ఇస్తే ఇదే TQ' + T'Q, అంటే T ఫ్లిప్‌ఫ్లాప్ సమీకరణం. J = D, K = D' పెడితే DQ' + DQ, అంటే Q+ = D.

SR విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడ 11 నిషిద్ధం కాబట్టి 110, 111 గళ్లను మనకు అనుకూలంగా 1 అనుకుంటాం. అప్పుడు Q+ = S + R'Q. అందులో S = R = 1 వేస్తే జవాబు 1 అని వస్తుంది. దాన్ని నమ్మకూడదు. నార్ గేట్ల లాచ్‌లో అప్పుడు రెండు అవుట్‌పుట్‌లూ 0 అవుతాయి. రెండు ఇన్‌పుట్‌లనూ ఒకేసారి 0 చేస్తే ఏది నిలుస్తుందో చెప్పలేం. అందుకే ఈ సమీకరణం పక్కన SR = 0 అనే షరతు తప్పక రాయాలి.