పంక్చర్ వేయించాక డిస్క్ బ్రేక్ ఎందుకు అరుస్తుంది?

సైకిల్ ముందు చక్రం పంక్చర్ అవుతుంది. షాపులో చక్రం విప్పి, ట్యూబుకు ప్యాచ్ వేసి, మళ్లీ బిగించి ఇస్తారు. తిరిగి వస్తుంటే ముందు వైపు నుంచి సన్నగా రాపిడి వినిపిస్తుంది. బ్రేకు నొక్కితే వీధి చివరి వరకూ వినపడేంత కూత. తీసుకెళ్లినప్పుడు లేని చప్పుడు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? డిస్క్ బ్రేక్ ఉన్న సైకిల్ వాడేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. దీనికి మూడు నాలుగు కారణాలుంటాయి. వాటిని ఏ వరుసలో చూసుకోవాలో తెలిస్తే చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. వరుస తప్పితే మాత్రం ఒక లోపాన్ని సరిచేయబోయి ఇంకొకటి తెచ్చుకుంటాం.

ముందు ఈ బ్రేకు ఎంత ఇరుకులో పనిచేస్తుందో చూడాలి. చక్రం మధ్యలో ఉండే ఉక్కు డిస్క్ కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఫోర్కుకు బిగించిన కాలిపర్ లోపల, ఈ డిస్క్‌కు అటొకటి ఇటొకటి ప్యాడ్లు ఉంటాయి. బ్రేకు వదిలినప్పుడు ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య మిగిలే ఖాళీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు మూడు తెల్ల కాగితాలు పేర్చితే వచ్చే మందం అంతే. రిమ్‌ను పట్టుకునే పాతకాలపు బ్రేకుల్లో ఈ ఖాళీ చాలా ఎక్కువ కాబట్టి, చక్రం కాస్త పక్కకు కూర్చున్నా తేడా తెలిసేది కాదు. డిస్క్ బ్రేకులో ఆ వెసులుబాటు లేదు. ఇరుసు ఒక వైపు వెంట్రుకవాసి ఎత్తులో కూర్చున్నా డిస్క్ ఏటవాలుగా తిరిగి ప్యాడ్‌కు రాసుకుంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ చదివే ఒక కుర్రాడి సైకిల్‌కు సరిగ్గా ఇలాగే అయింది. తీగతో పనిచేసే మామూలు మెకానికల్ డిస్క్ బ్రేక్, ముందు చక్రానికి క్విక్ రిలీజ్ లీవర్. పంక్చర్ వేయించిన సాయంత్రం నుంచీ చప్పుడే. "అంకుల్, డిస్క్ మీద కొంచెం చైన్ ఆయిల్ కొట్టాను, అయినా ఆగలేదు" అన్నాడు. చైన్‌కు నూనె వేస్తే చప్పుడు ఆగుతుంది కదా, దీనికీ అంతే అనుకున్నాడు. ఆ నూనె సంగతి చివర్లో చూద్దాం. మొదట చూడాల్సింది చక్రం.

చక్రం సరిగ్గా కూర్చుందా?

షాపుల్లో సైకిల్‌ను తలకిందులుగా పెట్టి చక్రం బిగిస్తారు. అప్పుడు ఇరుసును ఫోర్కు గాడిలోకి నొక్కేది చక్రం బరువు ఒక్కటే. అది చాలదు. పైగా ప్యాడ్లు డిస్క్‌ను ఒక పక్కకు నెడుతూ ఉండవచ్చు. అందుకే సైకిల్‌ను రెండు చక్రాల మీద నేలపై నిలబెట్టండి. క్విక్ రిలీజ్ లీవర్ తెరిచి, హ్యాండిల్ మీద రెండు చేతులతో కిందికి నొక్కండి. ఇరుసు రెండు వైపులా గాడి అంచుకు తగిలి ఆగుతుంది. ఆ ఒత్తిడి అలాగే ఉంచి లీవర్ మూయాలి. లీవర్ సగం దూరం వచ్చి ఇరుసుకు సూటిగా నిలిచినప్పుడు బిగువు మొదలవ్వాలి. పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు పడాలి. అంతకన్నా తేలిగ్గా మూసుకుంటే అవతలి నట్టు కొంచెం బిగించి మళ్లీ మూయాలి.

ఇక్కడే ఇంకొకటి చూసుకోవాలి. లీవర్ పూర్తిగా తెరిచినప్పుడు డిస్క్‌కు తగిలేంత దగ్గరికి రాకూడదు. 180 డిగ్రీలు దాటి తెరుచుకునే లీవర్లు తిరిగే డిస్క్‌లో చిక్కుకునే ప్రమాదం ఉందని 2015లో ట్రెక్ కంపెనీ ఒక్క అమెరికాలోనే సుమారు 9 లక్షల సైకిళ్లను వెనక్కి పిలిచింది. పూర్తిగా తెరిచిన లీవర్‌కూ డిస్క్‌కూ మధ్య ఒక పెన్సిల్ పట్టేంత చోటు ఉండాలన్నది అప్పుడు చెప్పిన పరీక్ష. దీన్ని ఎవరైనా చేసుకోవచ్చు.

ఫోర్కు రంధ్రాల్లోంచి దూరి వెళ్లే లావుపాటి ఇరుసున్న ఖరీదైన సైకిళ్లలో చక్రం ప్రతిసారీ దాదాపు ఒకే చోట కూర్చుంటుంది. అందుకే వాటికి ఈ మొదటి ఇబ్బంది తక్కువ.

చప్పుడు ఏం చెబుతోంది?

చక్రం సరిగ్గా కూర్చున్నాక ముందు చక్రాన్ని నేల నుంచి కొద్దిగా ఎత్తి, టైరు పట్టుకుని మెల్లగా తిప్పి వినండి. తిరుగుతున్న డిస్క్ దగ్గరికి వేళ్లు పోనివ్వకండి, దాని రంధ్రాలు వేలిని కోసేస్తాయి. రాపిడి ఆగకుండా ఒకే తీరుగా వస్తుంటే కాలిపర్ పక్కకు ఉందని అర్థం. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారే రాసుకుని ఆగుతుంటే డిస్క్ ఒకచోట వంగిందని అర్థం. తిప్పినప్పుడు ఏ చప్పుడూ లేక, బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే కూత పెడితే ప్యాడ్లను అనుమానించాలి. డిస్క్‌ను చక్రానికి పట్టి ఉంచే బోల్టులు లూజైనా కూత రావచ్చు కాబట్టి వాటినీ ఒకసారి చూడాలి. వానలో తడిసినప్పుడు వచ్చే కూత వేరు. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే నీరు ఆరిపోయి అదే ఆగిపోతుంది.

కుర్రాడి సైకిల్‌లో మూడు చప్పుళ్లూ ఉన్నాయి. చక్రం సరిగ్గా కూర్చోబెట్టాక రాపిడి తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగింది. అదేమిటని అడిగితే విషయం బయటపడింది. చప్పుడు వస్తోందని షాపులో కాలిపర్‌ను కూడా జరిపారట. వంకరగా కూర్చున్న చక్రానికి తగ్గట్టు కాలిపర్‌ను జరిపితే చప్పుడు ఆ పూటకు తగ్గుతుంది. కానీ చక్రం తిన్నగా కూర్చున్న రోజు కాలిపర్ తప్పు చోట ఉంటుంది. చక్రం చూడకుండా కాలిపర్ ముట్టుకోకూడదనడానికి కారణం ఇదే.

కాలిపర్ నడిమికి తేవడం

కాలిపర్‌ను ఫోర్కుకు రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. చాలా సైకిళ్లకు 5 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది. రెండింటినీ కాలిపర్ అటూ ఇటూ కదిలేంత వరకే లూజు చేయాలి. తర్వాత బ్రేకు లీవర్ గట్టిగా నొక్కి పట్టుకుంటే ప్యాడ్లు డిస్క్‌ను పట్టుకుంటాయి, కాలిపర్ తనంతట తాను డిస్క్‌కు సరిపోయేలా జరుగుతుంది. లీవర్ వదలకుండా బోల్టులు బిగించాలి. ఒకదాన్ని ఒకేసారి పూర్తిగా బిగిస్తే అది తిరుగుతూ కాలిపర్‌ను తనతో లాక్కెళుతుంది. అందుకే ఇదికొంచెం, అదికొంచెం. చివరి బిగువు సాధారణంగా 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, అంటే పొట్టి అలెన్ కీతో చేతి బలం మేరకు బిగించినంత. కీకి గొట్టం తగిలించి బిగించకూడదు.

మెకానికల్ బ్రేకుల్లో ఇంకో మెలిక ఉంది. వీటిలో ఎక్కువ రకాల్లో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్క్‌ను కొద్దిగా వంచి, కదలని లోపలి ప్యాడ్‌కు ఆనిస్తుంది. అందుకే లోపలి ప్యాడ్ డిస్క్‌కు వీలైనంత దగ్గరగా, కానీ తగలకుండా ఉండాలి. చక్రం ఊచల వైపు నుంచి చూస్తే ఆ ప్యాడ్‌ను జరిపే స్క్రూ కనిపిస్తుంది. వెనక తెల్ల కాగితం పెట్టి కాలిపర్ సందులోంచి చూస్తూ, రెండు వైపులా సన్నని వెలుతురు గీత కనిపించే వరకూ స్క్రూ తిప్పాలి.

హైడ్రాలిక్ బ్రేకుల్లో రెండు ప్యాడ్లూ కదులుతాయి, కాబట్టి ఈ స్క్రూ పని లేదు. కానీ చక్రం విప్పి ఉన్నప్పుడు లీవర్ పొరపాటున నొక్కితే ప్యాడ్లు దగ్గరైపోయి డిస్క్ మళ్లీ లోపలికి దూరదు. అప్పుడు మధ్యలో శుభ్రమైన ప్లాస్టిక్ టైర్ లీవర్ పెట్టి మెల్లగా వెనక్కి నెట్టాలి.

ఒక చుట్టుకు ఒక్కసారి

కాలిపర్ సరిచేశాక కుర్రాడి సైకిల్‌లో ఎడతెగని రాపిడి ఆగింది. చుట్టుకు ఒకసారి వచ్చేది మిగిలింది. షాపులో చక్రాన్ని డిస్క్ వైపు కిందికి పెట్టి నేలమీద పడుకోబెట్టారని చెప్పాడు. మీద కాస్త బరువు పడినా డిస్క్ వంగుతుంది.

చక్రం మెల్లగా తిప్పుతూ వెలుతురు గీత మాయమయ్యే చోట ఆపాలి. డిస్క్ లోపలి చేతుల్లో దగ్గరున్న దాని మీద మార్కర్‌తో గుర్తు పెట్టాలి. ప్యాడ్ రాసుకునే అంచు మీద మాత్రం గుర్తు పెట్టకూడదు. వంగిన చోటును కాలిపర్ బయటికి తెచ్చి, నూనె జిడ్డు లేని స్క్రూ పానాతో అంచు పట్టుకుని, వంగిన దిశకు ఎదురుగా ఇసుమంత వంచాలి. మళ్లీ తిప్పి చూడాలి. ఎక్కువగా వంచితే ఇప్పుడు అవతలి ప్యాడ్‌కు రాసుకుంటుంది. దిగుడులో బ్రేకులు వేసుకొచ్చిన వెంటనే ఈ పని చేయకూడదు, డిస్క్ చేయి కాలేంత వేడిగా ఉంటుంది. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, ఎప్పుడో చిన్న శబ్దం మాత్రమే మిగిలితే అక్కడితో ఆపేయడం మంచిది. కంటికి స్పష్టంగా ఊగే డిస్క్, అరిగి 1.5 మిల్లీమీటర్లకు వచ్చిన డిస్క్ మార్చాల్సిందే. చాలా డిస్కుల మీద కనీస మందం చెక్కే ఉంటుంది.

నూనె తాగిన ప్యాడ్లు

ఇక కూత. ప్యాడ్ పదార్థానికి సన్నని రంధ్రాలుంటాయి, అది నూనెను పీల్చుకుంటుంది. అప్పుడు ప్యాడ్ డిస్క్‌ను గట్టిగా పట్టలేక, పట్టి జారుతూ అదురుతుంది. ఆ అదురే కూత. చప్పుడుతో పాటు బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది కాబట్టి ఇది చెవులకు మాత్రమే సంబంధించిన ఇబ్బంది కాదు. నూనె కావాలని పోయక్కర్లేదు. చైన్ మీద కొట్టిన స్ప్రే తుంపర, మెరుగు కోసం కొట్టే పాలిష్, జిడ్డు చేతులతో డిస్క్‌ను పట్టుకోవడం చాలు.

డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. గుడ్డకు నలుపు అంటడం ఆగే వరకూ తుడవాలి. శానిటైజర్ వాడకూడదు, చాలావాటిలో చేతుల కోసం గ్లిజరిన్ కలుపుతారు. కిరోసిన్ కూడా జిడ్డు వదిలేస్తుంది. ప్యాడ్లకు పైపైన మాత్రమే అంటితే, గచ్చు మీద గరుకు కాగితం పరిచి ప్యాడ్ ముఖాన్ని దానిపై రుద్ది పై పొర తీసేయవచ్చు. ఆ ధూళి పీల్చకూడదు. లోపలికి ఇంకిపోతే దారి లేదు, కొత్తవి కొనాలి. స్టవ్ మీద కాల్చితే నూనె పోతుందని కొందరు చేస్తుంటారు. ఆ వేడికి ప్యాడ్ పదార్థం వెనక రేకు నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని వద్దు.

కుర్రాడి ప్యాడ్లు రుద్దినా కూత ఆగలేదు. కొత్తవి వేయాల్సి వచ్చింది. వాటిని వేసేముందు డిస్క్ మళ్లీ తుడిచాం, లేకుంటే మిగిలిన నూనె కొత్తవాటికీ అంటుకునేది. కొత్త ప్యాడ్లు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వవు. ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, చక్రం బిగుసుకోకుండా, పూర్తిగా ఆగకుండా బ్రేకు వేయాలి. ఇలా ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ పదార్థం పలచని పొరగా డిస్క్‌కు అంటుకుని పట్టు కుదురుతుంది.

ఈసారి పంక్చర్‌కు వెళ్లినప్పుడు షాపులో మూడు మాటలు ముందే చెప్పండి. విప్పిన చక్రాన్ని డిస్క్ పైకి ఉండేలా పెట్టమనండి. బిగించేటప్పుడు సైకిల్‌ను నేలపై నిలబెట్టమనండి. డిస్క్ దగ్గర ఏ స్ప్రే కొట్టవద్దనండి. ఇన్ని చేసినా లీవర్ హ్యాండిల్‌కు తగిలేంత వరకూ వస్తున్నా, కాలిపర్ దగ్గర తడి కనిపించినా, ప్యాడ్ పదార్థం అర మిల్లీమీటరే మిగిలినా ఆ సైకిల్ ఎక్కవద్దు. నడిపించుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.